బయానా అక్క, మూడు లాట్లు

బయానా అక్కకు అసలు పేరొకటి ఉంది గానీ, దానితో పని పడేది జీతం చేతికొచ్చే రోజునే. మిగతా రోజుల్లో, చెప్పుల దుకాణం పైనున్న ఆ బ్రోకరు ఆఫీసులో, మేనేజరు మొదలు టీ తెచ్చే మనిషి దాకా అందరికీ ఆమె బయానా అక్కే. షేర్లున్న ఖాతాదారులకు ఆప్షన్లంటే ఏమిటో చెప్పాల్సి వచ్చినప్పుడల్లా ఆమె బయానా దగ్గర మొదలుపెట్టి బయానా దగ్గరే ముగిస్తుంది. అందుకే ఆ పేరు. యాభై రెండేళ్ల మనిషి. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఎవరికో దారి ఇస్తున్నట్టు ఒక పక్కకు ఒదిగి నడుస్తుంది.

ఆమె పని ఫోనెత్తడం, అవతలి మనిషి చెప్పిన ఆర్డరు టెర్మినల్‌లో కొట్టడం. కొట్టేముందు ఆర్డరు మొత్తం పైకి చదివి వినిపించి, "సరేనా?" అని అడిగి, అవుననిపించుకోవాలి. ఆఫీసు నియమం అది. పాతికేళ్లుగా రోజూ అదే పని చేసి చేసి, ఇంట్లో కూరగాయలు తెమ్మన్నా ఆ జాబితా ఒకసారి తిరిగి చదివి "సరేనా?" అనేది. మరదళ్లు నవ్వుకునేవాళ్లు.

ఒకరోజు రిటైరైన నర్సమ్మ ఒకావిడ వచ్చి, ఎదుటి కుర్చీలో చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"నా దగ్గరున్న షేర్ల మీద నెలనెలా ఏదో వస్తుందట కదమ్మా. ఆ కిటుకేదో నాకూ చెప్పు."

"కిటుకేం లేదండీ. మీ దగ్గరో స్కూటరుందనుకోండి. ఇవాళ దాని ధర ఎనభై వేలు. ఒకడొచ్చి, 'రెండు నెలల్లోపు నేను అడిగితే తొంభైకి నాకే ఇవ్వాలి, ఆ మాట కోసం ఇదిగో రెండు వేలు' అన్నాడు. ఆ రెండూ మీవే. ధరలో కలవవు, వెనక్కివ్వక్కర్లేదు. మామూలు బయానాకీ దీనికీ అదే తేడా. తొంభై దాటకపోతే వాడు రానే రాడు, స్కూటరూ మీదే, బయానా కూడా మీదే. దీన్నే కవర్డ్ కాల్ అంటారు."

"దాటితే?"

"నూటయాభై పలికినా తొంభైకే ఇచ్చేయాలి. ఏడవకూడదు. ఆ ఏడుపుకే ముందు డబ్బిచ్చాడు వాడు."

"మరి ధర పడిపోతే?"

"పడితే నష్టం మీదే. ఆ రెండూ కాస్త ఊరట, అంతే. పడుతుందని భయముంటే తిరగేసి చేయాలి. మీరే ఇంకొకడికి బయానా ఇచ్చి, 'రెండు నెలల్లోపు నేను తెచ్చిస్తే డెబ్బై అయిదుకి కొనుక్కోవాలి' అని మాట తీసుకోవాలి. అది పుట్. ధర నలభైకి పడినా వాడు డెబ్బై అయిదు ఇచ్చి తీరాలి. పడకపోతే మీ బయానా పోతుంది. పోతే సంతోషించాలి."

"డబ్బు పోతే సంతోషమా?" అంది నర్సమ్మ.

"స్కూటరు బాగుందని కదండీ అర్థం."

నర్సమ్మ తలూపి, ఆ రోజే కవర్డ్ కాల్ అమ్మింది. పుట్ జోలికి మాత్రం పోలేదు. ఆ ఆఫీసుకొచ్చే వాళ్లంతా అంతే. వచ్చే బయానా అంటే చెవులు రిక్కిస్తారు, ఇచ్చే బయానా అనగానే గడియారం చూసుకుంటారు. బయానా అక్కకు అది అలవాటైపోయింది.

ఇంత తెలిసిన మనిషికి ఇంట్లో ఉన్న చోటేమిటంటే, హాలు. హాల్లో కిటికీ పక్కన ఒక మంచం. వంటింటికి వెళ్లాలన్నా, స్నానాల గదికి వెళ్లాలన్నా, మేడమీదికి మెట్లెక్కాలన్నా ఆ మంచం పక్కనుంచే దారి. పెద్ద తమ్ముడికి టైర్ల దుకాణం, భార్య, ఇద్దరు పిల్లలు, కింద రెండు గదులు. చిన్న తమ్ముడికి డ్రైవింగ్ స్కూలు, భార్య, ఒక పిల్ల, మేడ మీద వాటా. అక్కకు మంచం. తల్లి పోయాక తమ్ముళ్లిద్దరికీ అన్నం వండి పెట్టి, ఇంటెడు చాకిరీ చేసి, తర్వాత ఉద్యోగంలో చేరి వాళ్ల చదువులకు జీతం ధారపోసిన మనిషి. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అన్న మాట వీళ్లను చూసే పుట్టి ఉంటుంది.

చీర మార్చుకోవాలంటే స్నానాల గది ఖాళీ అయ్యేదాకా ఆగాలి. ఒంట్లో బాగోలేక ముసుగుతన్ని పడుకుంటే, పిల్లలు మంచం మీదే కూర్చుని టీవీ చూస్తారు. అద్దెకో గది తీసుకోవచ్చుగా అని ఎవరైనా అడగొచ్చు. అడిగింది, రెండు మూడు చోట్ల. ఒంటరిదానికి ఇవ్వం అన్నారు. పైగా జీతంలో సగానికి పైగా మేనల్లుళ్ల ఫీజులకే పోతుంది.

ఆమెకున్న ఆశల్లా తండ్రి వదిలిపోయిన షేర్లు. ఆయన ఒక బేరింగుల కంపెనీలో ముప్పై ఏళ్లు పనిచేశాడు. కంపెనీ అప్పుడప్పుడూ ఇచ్చిన షేర్లు పెరిగి పెరిగి పదిహేను వందలయ్యాయి. కళ్లు సరిగా కనపడని రోజుల్లో వాటిని కూతురి ఖాతాలోకి మార్చి, "ముగ్గురికీ సమానంరా. అక్క చేతిలో ఉంటే పోవు" అన్నాడు. అక్క చేతిలో ఉంటే పోవన్న మాట అబద్ధం కాదు. అక్క చెయ్యి ఎవరి చేతిలో ఉందన్నది ఆయన ఆలోచించలేదు.

ఆయన పోయిన ఏడాదికి షేరు ఎనిమిది వందలకు చేరింది. ఒక్కొక్కరి వంతు అయిదు వందల షేర్లు, అంటే నాలుగు లక్షలు. ఆ మార్కెట్లో ఆ కంపెనీ ఆప్షన్లకు లాట్, అంటే ఒక్కో ఒప్పందం కిందికొచ్చే షేర్ల లెక్క, కూడా అయిదు వందలే. మనిషికో లాట్, లెక్క కుదిరినట్టు కుదిరింది.

సరిగ్గా అప్పుడే నర్సమ్మ తన గది అమ్ముతానంది. ఊరి చివర మూడో అంతస్తులో ఒకటే గది, పక్కన వంటగట్టు, స్నానాల గది. ఆవిడ చెల్లెలి దగ్గరికి వెళ్లిపోతోందట. ధర మూడు లక్షల డెబ్బై వేలు. బయానా అక్క ఆదివారం వెళ్లి చూసింది. గోడలు పెచ్చులూడి ఉన్నాయి, కుళాయి కారుతోంది. ఆమె అవేవీ చూడలేదు. లోపలికి వెళ్లి తలుపు మూసి, గడియ పెట్టి, కాసేపు ఊరికే నిలబడింది. బయట నర్సమ్మ, "ఏమ్మా, గడియ పడిపోయిందా?" అని తట్టాల్సి వచ్చింది.

తను దాచుకున్న డబ్బులోంచి ఇరవై వేలు బయానా ఇచ్చి, రెండు నెలల్లో మిగతాది ఇస్తానంది. తప్పితే బయానా పోతుందని కాగితం రాసుకున్నారు.

తమ్ముళ్లతో చెప్పింది. షేర్లు అమ్మేద్దాం, ఎవరి వంతు వాళ్లం తీసుకుందాం అంది.

"ఇప్పుడా!" అన్నాడు పెద్దోడు. "నెల దాటితే కంపెనీ ఫలితాలొస్తాయి. నాన్నతో పనిచేసిన సూపర్‌వైజరు చెప్పాడు, ఈసారి వెయ్యి దాటుతుందట. చేతికొచ్చిన పంట ముందు కొడవలి పారేస్తావా?"

"పోనీ నా వంతు అమ్ముకుంటాన్రా."

"నాన్న ముగ్గురికీ కలిపి ఇచ్చాడక్కా. విడగొట్టి అమ్ముకుంటే ఆయన ఆత్మ ఏమనుకుంటుంది?" అన్నాడు చిన్నోడు. తండ్రి ఉన్నన్నాళ్లూ ఆయనకో కళ్లజోడు మార్పించని వెధవకు ఆయన ఆత్మ మీద బెంగ.

బయానా అక్క ఒదిగి నడిచే మనిషే గానీ, తన పనిలో మాత్రం గట్టిది. ఆ రాత్రంతా ఆలోచించి ఒక దారి చెప్పింది. ఆగుదాం, కానీ పుట్ కొందాం. ఎవరి లాట్ మీద వాళ్లకి, మొత్తం మూడు పుట్‌లు. ఏడు వందల అరవైకి కొనుక్కుంటానని అవతలివాడిచ్చే మాట, గడువు రెండు నెలలు. షేరుకి ఇరవై అవుతుంది. ఇరవై దండగ అని మీరు ఏడవకుండా, అవే షేర్ల మీద ఎనిమిది వందల ఎనభైకి కాల్ అమ్ముదాం. దానికి పద్దెనిమిది వస్తుంది. వచ్చిన బయానాతో ఇచ్చే బయానా దాదాపు తీరిపోతుంది, మన జేబులోంచి పోయేది షేరుకి రెండే.

"అంటే ఎనిమిది వందల ఎనభై దాటితే పైదంతా మనకు రాదన్నమాట" అన్నాడు పెద్దోడు, మొహం చిట్లించి.

"రాదు. కానీ ఏం జరిగినా ఏడు వందల యాభై ఎనిమిదికి తగ్గదు. నా గదికి అది చాలు."

వాళ్లు గొణిగి, చివరికి సరేనన్నారు. మర్నాడు ఆమె మేనేజరు అనుమతి తీసుకుని, తన ఖాతాలో తానే ఆర్డర్లు కొట్టింది. ఎదుట ఎవరూ లేకపోయినా ఆర్డరు పైకి చదివి, "సరేనా?" అని అడిగి, "సరే" అని తనే జవాబు చెప్పుకుంది. పక్క డీలరు పగలబడి నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. ఆ వారమంతా హాల్లో మంచం ఆమెకు గుచ్చుకోలేదు.

ఫలితాలకు ఇంకా పదిరోజులుందనగా షేరు జారడం మొదలైంది. ఏదో కార్ల కంపెనీ ఆర్డర్లు తగ్గించిందని పుకారు. ఎనిమిది వందల నుంచి ఏడు వందల డెబ్బై, యాభై, చివరికి ఏడు వందల ముప్పై అయిదు. ఇరవైకి కొన్న పుట్ నలభై అయిదు పలుకుతోంది. పద్దెనిమిదికి అమ్మిన కాల్ మూడుకి పడిపోయింది.

ఇంటికెళ్లి ఉన్నదున్నట్టు చెప్పింది. చెప్పకపోయుంటే బాగుండేది. షేరు పడిందన్న మాట వాళ్ల చెవికి ఎక్కనే లేదు. పుట్ రెట్టింపు దాటిందన్న మాట ఎక్కింది.

మర్నాడు తమ్ముళ్లిద్దరూ దుకాణాలు వదిలేసి ఆఫీసుకే వచ్చారు. ఎన్నడూ ఆ మెట్లెక్కని మహానుభావులు. పెద్దోడు వచ్చి ఆమె కుర్చీ వెనక నిలబడి, భుజం మీద చెయ్యి వేశాడు.

"అక్కా, నలభై అయిదు! దండగనుకున్నది బంగారమైంది. అమ్మెయ్."

"అమ్మకూడదురా. ఇది లాభం కోసం కొన్నది కాదు. షేరు పడిపోతుంటే మనల్ని కాసేది ఇదే. ఇది అమ్మేస్తే కింద నేల లేదు."

"షేరు మళ్లీ లేస్తుందక్కా. లేచాక ఈ నలభై అయిదు మళ్లీ సున్నా అవుతుంది. నువ్వే చెప్పావుగా, బయానా పోతుందని."

అందులో అబద్ధం లేదు. లేస్తే పోతుంది. బయానా అక్క కుర్చీ తిప్పి వాళ్ల వైపు చూసింది. "అంత అమ్మాలనుంటే అన్నీ కలిపి అమ్ముదాం. ముందు కాల్‌ని మూడిచ్చి వెనక్కి కొందాం. తర్వాత షేరు ఏడు వందల ముప్పై అయిదుకి, పుట్ నలభై అయిదుకి. మూడు పోగా ఏడు వందల డెబ్బై ఏడు చేతికొస్తుంది. పడిపోయిన రోజున కూడా మనకంత వస్తోందంటే అదృష్టం కదా. ఇక్కడితో తెంచేసుకుందాం."

"పడినప్పుడు షేరు అమ్మేవాడు ఎవడన్నా ఉంటాడా?" అన్నాడు చిన్నోడు. "అది నష్టం. పుట్ అమ్మితే లాభం. లాభమున్నది అమ్ముతాం, నష్టమున్నది ఉంచుకుంటాం. టైర్లయినా అంతే కదన్నా?"

"అంతే" అన్నాడు టైర్ల వ్యాపారి.

"అయితే మీ రెండు లాట్ల పుట్‌లు అమ్మేస్తా. నాది నాకు ఉంచండి" అంది ఆమె. ఈ మాట అనడానికి ఆమెకు ఎంత బలం కావాల్సి వచ్చిందో చెప్పలేను. ఆ గది గడియ చప్పుడు చెవిలో వినిపించింది కాబట్టి అనగలిగింది.

పెద్దోడు చెయ్యి తీసేశాడు. "అంటే మాతో కలవనన్నమాట. మేం మునిగినా నువ్వు ఒడ్డున ఉంటావు. సరే అక్కా. నీ ఇష్టం."

అప్పుడు చిన్నోడు వంగి, మెత్తగా అన్నాడు. "మా అక్క అలాంటిది కాదన్నా. అసలు ఈ పుట్ ఆలోచన ఎవరిది? మనం వద్దంటుంటే పట్టుబట్టి కొనిపించింది ఎవరు? మా అక్కకున్న తెలివి ఈ ఆఫీసులో ఎవడికీ లేదు. నాన్న ఉంటే ఎంత మురిసిపోయేవాడో."

ఇదిగో, ఇక్కడే ఆమె కొంప కూలింది. యాభై రెండేళ్లలో తమ్ముళ్ల నోట ఒక్క మంచి మాట వినని మనిషిని పట్టుకుని, నలుగురి ముందూ మునగచెట్టెక్కించారు. పక్క డీలరు వింటున్నాడు. మేనేజరు గాజు తలుపు తెరిచి చూస్తున్నాడు. ఆమె మొహం ఎర్రబడింది. అంతా తెలుసు ఆమెకు. తొలి చినుకుకి ఎక్కువ ధర వచ్చిందని గొడుగు అమ్ముకునే వాళ్లను పాతికేళ్లుగా చూస్తూనే ఉంది, వాళ్లను వారించీ ఉంది. తెలిసినదంతా ఆ ఒక్క నిమిషం పక్కకు ఒదిగి దారిచ్చింది.

"మూడు లాట్లు, ఏడు వందల అరవై పుట్, అమ్మకం, నలభై అయిదు" అని చదివింది. "సరేనా?"

"సరే!" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

మేనేజరు సంతకం పెట్టాడు. షేర్లకు ఇక ఏ కాపూ లేదని అతనికీ తెలుసు. అతనికి కమిషను వచ్చింది, నోరు తెరవలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో ఆమె మహారాణి. పెద్ద తమ్ముడు కేకు తెచ్చాడు. ఎప్పుడూ అందరి తర్వాత వంటింట్లో నిలబడి తినే మనిషిని బల్ల దగ్గర కూర్చోబెట్టి, పెద్ద మరదలు మొదటి ముక్క ఆమె పళ్లెంలో వేసింది. "వదినా, మీ చేతిచలవ" అంది. "అత్తను చూసి నేర్చుకోండిరా" అన్నాడు చిన్నోడు పిల్లలతో. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, బయానా అక్క ఆ రోజు పరమానందపడింది. కళ్లనీళ్లు తిరిగాయి. మనిషికి ఇరవై రెండు వేల అయిదు వందలు వచ్చింది. చిన్నోడు డ్రైవింగ్ స్కూలుకు కొత్త బోర్డు చేయించాడు. పెద్దోడు భార్యకు గాజులు కొన్నాడు. ఈ పిచ్చిది తన వంతు మొత్తం పెట్టి ఇంటికి పెద్ద ఫ్రిజ్జు కొంది. వంటింట్లో పట్టలేదు. హాల్లో, ఆమె మంచం తల దగ్గర పెట్టారు.

ఫలితాలొచ్చాయి. పుకారు అబద్ధమే. నిజం దానికన్నా ఘోరంగా ఉంది. అమ్మకుండా గోదాముల్లో మూలుగుతున్న సరుకును కంపెనీ అమ్మినట్టు చూపించిందట, లెక్కల మీద విచారణ అట. మర్నాడు పొద్దున్న షేరు తెరుచుకోవడమే అయిదు వందల ఇరవైలో తెరుచుకుంది. మధ్యాహ్నానికి నాలుగు వందల డెబ్బై. ఏడు వందల అరవై పుట్, ఆమె నలభై అయిదుకి అమ్మేసినది, తెర మీద రెండు వందల తొంభై చూపిస్తోంది. ఎవరో ఊరూపేరూ తెలియని మనిషి దాన్ని కొనుక్కుని ఉన్నాడు. ఎక్కడో వాడి ఇల్లు నిలబడింది.

ఆ రోజు ఫోన్లు ఆగలేదు. ఆమె ఎత్తుతూనే ఉంది, ఆర్డర్లు చదువుతూనే ఉంది, సరేనా అంటూనే ఉంది.

తమ్ముళ్లు ఇంకో వారం ఆగమన్నారు, లేస్తుందని. లేవలేదు. నాలుగు వందల పదికి చేరాక పెద్దోడు ఫోన్‌లో అరిచాడు, "ఏం చూస్తున్నావ్! అమ్మెయ్ ముందు!" అని. అంత గుండెకోతలోనూ ఆమె వరస తప్పలేదు. షేర్లు పోయాక కాల్ మిగిలితే అది మోసే దిక్కులేని అప్పవుతుంది కాబట్టి, ముందు కాల్‌ని చిల్లర పైసలిచ్చి వెనక్కి కొని, తర్వాతే షేర్లు అమ్మింది. కాల్ మీద వచ్చిన పద్దెనిమిదీ దాదాపు మిగిలింది. మూడొందల తొంభై పోయిన చోట పద్దెనిమిది.

రాత్రి భోజనాలయ్యాక హాల్లో పంచాయితీ పెట్టారు. ఆమె మంచం మీదే ఇద్దరు తమ్ముళ్లూ కూర్చున్నారు. ఆమె నిలబడింది.

"ఏడు వందల అరవైకి గ్యారంటీ ఉండేది" అన్నాడు చిన్నోడు, ఫోన్‌లో లెక్క చూసుకుంటూ. "నాలుగు వందల పదికి అమ్మాం. షేరుకి మూడొందల యాభై. నాకు లక్షా డెబ్బై అయిదు వేలు నష్టం. అన్నకీ అంతే."

"నాకూ అంతేరా" అంది ఆమె.

"నీ సంగతి వేరు. బటన్ నొక్కింది ఎవరు?"

ఆమెకు ఒక్క క్షణం అర్థం కాలేదు. "మీరే కదరా అమ్మమన్నారు! ఆఫీసుకొచ్చి మరీ. నేను వద్దని..."

"మేం టైర్లమ్ముకునేవాళ్లం. మాకేం తెలుసు?" అన్నాడు పెద్దోడు. "డాక్టరు దగ్గరికెళ్లి విషమిమ్మని అడిగితే ఇస్తాడా? పాతికేళ్లుగా ఆ కుర్చీలో కూర్చున్నదానివి. నీకు తెలియదా? తెలిసీ చేశావా?"

"నాదైనా ఉంచుకుంటానన్నాను."

"మరి ఉంచుకోవాల్సింది!" చిన్నోడు చేతులు విసిరాడు. "అంత తెలిసినదానివి నీదైనా ఉంచుకుని ఉంటే, ఇవాళ అందులోంచి అందరం బతికేవాళ్లం కదా. అదీ చేయలేదు."

తిలా పాపం తలా పిడికెడు అంటారు. ఈ ఇంట్లో పాపం మాత్రం పంచుకోలేదు, మొత్తం ఒక్కరికే వడ్డించారు. ఆమె ఆఖరి ప్రయత్నంగా, "పుట్ అమ్మిన డబ్బు మీరూ తీసుకున్నారు. అదైనా లెక్కలో తీసెయ్యండి" అంది.

"అది లాభం అక్కా. ఇది నష్టం. రెండూ ఎలా కలుస్తాయి?" అన్నాడు చిన్నోడు, నిజంగానే ఆశ్చర్యపోతూ.

తీర్పేమిటంటే, ఆమె వంతు వచ్చిన రెండు లక్షల అయిదు వేలూ వాళ్లిద్దరూ సగం సగం తీసుకోవాలి. అప్పటికీ వాళ్ల నష్టం పూర్తిగా తీరదు. మిగతాది తోడబుట్టినది కాబట్టి వదిలేస్తారు. వదిలేస్తామన్నప్పుడు పెద్దోడి గొంతు గద్గదమైంది కూడా. తన మంచితనానికి తనకే ఏడుపొచ్చింది పాపం.

ఖాతా ఆమె పేరు మీదే ఉంది. ఇవ్వను అంటే వాళ్లు చేయగలిగింది ఏమీ లేదు. కానీ ఇవ్వనంటే ఆ హాలు కూడా ఉండదని ముగ్గురికీ తెలుసు. మర్నాడు ఆఫీసులో ఆమె ఆ డబ్బు తమ్ముళ్ల ఖాతాలకు పంపింది. పంపేముందు మొత్తాలు పైకి చదివింది గానీ, సరేనా అని ఎవరినీ అడగలేదు.

ఆదివారం నర్సమ్మ దగ్గరికి వెళ్లింది. గది కొనలేనని చెప్పి, కాసేపు తటపటాయించి, "బయానాలో సగమైనా..." అంది.

నర్సమ్మ చెడ్డ మనిషి కాదు. నిజంగా బాధపడింది. "అయ్యో తల్లీ. కానీ బయానా వెనక్కివ్వక్కర్లేదని నువ్వే కదా నేర్పావు. ఆ మాట కోసమే కదా డబ్బు. నేను రెండు నెలలు ఇంకెవరికీ చూపించలేదు గదిని. కాఫీ తాగి వెళ్లు."

కాఫీ తాగి వచ్చింది. ఆ గదిని తర్వాతి వారమే ఒక కొత్త జంట కొనుక్కుందట.

ఇంట్లో ఆమెకు పలకరింపులు తగ్గాయి. మళ్లీ అందరి తర్వాత, వంటింట్లో నిలబడి తినడం. రాత్రంతా తల దగ్గర ఫ్రిజ్జు గుర్రుమంటుంది, నీళ్లకోసం ఎవరో ఒకరు వచ్చి తెరుస్తూనే ఉంటారు, ఆ వెలుగు మొహం మీద పడుతుంది. ఆఫీసులో మాత్రం అంతా మామూలే. షేర్లున్నవాళ్లు వస్తారు, కిటుకు చెప్పమంటారు. ఆమె స్కూటరు దగ్గర మొదలుపెట్టి పుట్ దాకా చెబుతుంది. ఆ మధ్య ఒక పెద్దాయన, "మరి మీరు మీ షేర్లకు పుట్ కొన్నారా అమ్మా?" అని అడిగాడు. కొన్నానండీ, రెట్టింపుకి పైగా అమ్మాను అంది. ఆయన భలే భలే అన్నాడు.

ఒకరోజు ఆఫీసు నుంచి వచ్చేసరికి హాల్లో చిన్న మరదలు స్టూలెక్కి మేకులు కొడుతోంది. మంచం చుట్టూ తాడు కట్టి, దాని మీద ఒక పాత దుప్పటి వేలాడదీసింది.

"మీకు గది దక్కకుండా పోయిందని ఎంత బాధగా ఉందో వదినా" అంది స్టూలు దిగుతూ. "అందుకే ఇలా చేశాను. ఇక ఇది మీ గదే. చూడండి, లాగితే మూసుకుంటుంది."

బయానా అక్క దుప్పటి లాగి లోపల కూర్చుంది. దుప్పటి పల్చగా ఉంది, అవతల తిరిగేవాళ్ల నీడలు కనిపిస్తున్నాయి. అయినా కూర్చుంది. చిన్న మరదలికి థాంక్స్ చెప్పింది కూడా. వారం తిరగకముందే, వంటింటికి వెళ్లి వచ్చేవాళ్లకు కాళ్లకు తగులుతోందని, పెద్ద తమ్ముడు దాన్ని ఒక పక్కకు లాగి పైకి ముడేశాడు.